గోంగూర పప్పు ఎందుకు ఉడకలేదంటే

పోయిన చలికాలంలో ఒక ఆదివారం మా ఇంట్లో గోంగూర పప్పు ఉడకలేదు. ఏదో కొంచెం పలుకు మిగిలిందంటే సరిపెట్టుకునేదాన్నే. కుక్కర్ మూత తీసేసరికి ఆకంతా గుజ్జైపోయి, పైన పచ్చటి నీళ్లు వేరుగా తేలి, అడుగున కందిపప్పు బద్దలు లెక్కపెట్టుకోవచ్చు అన్నట్టు విడివిడిగా పడి ఉన్నాయి. విజయవాడ నుంచి అన్నయ్య, వదిన భోజనానికి వచ్చి హాల్లో కూర్చున్నారు. మళ్లీ మూత పెట్టి నాలుగు విజిల్స్, అప్పటికీ లొంగకపోతే ఇంకో ఐదు. పప్పుగుత్తి పెట్టి మెదిపితే బద్దలు గుత్తి కింద నుంచి పక్కకి జారిపోతున్నాయి తప్ప నలగడం లేదు. చివరికి ఆ నీళ్లనే చారులా పోసి, వదిన తెచ్చిన చింతకాయ పచ్చడితో భోజనాలు కానిచ్చాం.

తిన్నాక మొదలైంది అసలు పంచాయితీ. ముందే ఉప్పు వేసి ఉంటావు, అందుకే బిగుసుకుపోయింది అని వదిన. పప్పు పాతదే అమ్మాయ్, పోయిన ఎండాకాలం కొన్న డబ్బాలోదేగా అని మా అత్తయ్య. పై ఫ్లోర్ ఆవిడైతే గిన్నె చూడగానే, మీరు బోరు నీళ్లతో వండుతున్నారా అని అడిగేసింది. వీళ్లెవరూ గోంగూర మాట ఎత్తలేదు. అదెప్పుడూ పప్పుతో కలిసి ఉడికేదేగా అని నాకూ తట్టలేదు. ఎందుకంటే మా అమ్మ పప్పు, ఆకు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ అన్నీ ఒకే గిన్నెలో వేసి ఉడికించేది, వెన్నలా వచ్చేది. ఆవిడ పద్ధతే నేనూ చేశాను. మరి ఆవిడకి వచ్చింది నాకెందుకు రాలేదు?

ఇది తేల్చుకోవాలని తర్వాతి ఆదివారం ఒక పిచ్చి పని చేశాను. ఒకే సైజు స్టీలు గిన్నెలు నాలుగు తీసుకుని, ఒక్కోదాంట్లో అదే డబ్బాలోని కందిపప్పు పావు కప్పు, ముప్పావు కప్పు నీళ్లు. మొదటి గిన్నెలో క్యాన్ నీళ్లు. రెండోదాంట్లో మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు. మూడోదాంట్లో క్యాన్ నీళ్లతోపాటు గుప్పెడు ఎర్ర గోంగూర. నాలుగోదాంట్లో బోరు నీళ్లు, గోంగూర రెండూ. నాలుగూ ఒకేసారి పెద్ద కుక్కర్‌లో పెట్టి, మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి పన్నెండు నిమిషాలు ఉంచాను. మొదటి గిన్నెలో పప్పు గరిటె వీపుతో నొక్కితే చాలు, ముద్దైపోయింది. రెండోది మెదిగింది కానీ రవ్వరవ్వగా ఉంది. మూడోదాంట్లో బద్ద పైపైన మెత్తబడింది, వేళ్ల మధ్య నలిపితే నడుమ తెల్లటి చుక్కలా పలుకు, గట్టిగా మెదిపితే ఎలాగో లొంగింది. నాలుగోది సరిగ్గా ఆ ఆదివారం నాటి పప్పే, ఆకు గుజ్జు, బద్ద బద్దే.

ఇలా ఎందుకో తెలియాలంటే ముందు పప్పు ఉడకడం అంటే ఏమిటో చూడాలి. కందిపప్పు బద్దని ఇటుకల గోడ అనుకోండి. ఒక్కో ఇటుక ఒక్కో కణం, లోపల పిండి పదార్థం, ప్రోటీన్ కూరి ఉంటాయి. ఇటుకకీ ఇటుకకీ మధ్య సిమెంటులా పట్టుకుని ఉండే జిగురు పేరు పెక్టిన్. జామ్ గడ్డకట్టడానికి కారణమయ్యే పెక్టిన్ జాతిదే ఇదీనూ. వేడి నీళ్లలో ఈ జిగురు మెల్లగా తెగి, కరిగి నీళ్లలో కలుస్తుంది. అప్పుడు కణాలు విడిపోతాయి, పప్పుగుత్తి తగలగానే గోడ కూలి ముద్దవుతుంది. లోపలి పిండి ఉడికినా జిగురు కరగకపోతే పప్పు మెదగదు. అందుకే ఆ రోజు పప్పు నోట్లో వేసుకుంటే పచ్చివాసన లేదు కానీ పంటికింద గట్టిగా తగిలింది. కాబట్టి పప్పు ఉడకలేదన్నప్పుడల్లా అడగాల్సింది ఒకటే, ఆ జిగురుకి ఏమడ్డొచ్చింది అని.

అడ్డొచ్చేవాటిలో మొదటిది పులుపు. పెక్టిన్ మామూలు నీళ్లలో తెగినంత తొందరగా పుల్లటి నీళ్లలో తెగదు. చింతపండు, మామిడికాయ, టమాటా, చుక్కకూర, గోంగూర ఏదైనా ఇదే పని చేస్తుంది, ఎంత చేస్తుందన్నదే తేడా. గోంగూరతో తంటా ఏమిటంటే ఆకు పలచన, వేడి తగిలిన రెండు మూడు నిమిషాల్లోనే కరిగిపోయి పులుపంతా నీళ్లలోకి వదిలేస్తుంది, పప్పు అప్పటికింకా మెత్తబడటం కూడా మొదలుపెట్టి ఉండదు. టమాటా అలా కాదు, పెద్ద ముక్కలుగా వేస్తే పులుపు దిగడానికి టైమ్ పడుతుంది, పైగా గోంగూరంత పులుపూ కాదు. మనందరం టమాటా పప్పు అన్నీ కలిపి కుక్కర్‌లో పడేసి బతికిపోతున్నది ఇందుకే. గోంగూరలోనూ తేడా ఉంది. ఎర్ర కాడ గోంగూర బాగా పులుపు, తెల్ల గోంగూర కాస్త తక్కువ. మా అమ్మ పప్పుకి ఎప్పుడూ తెల్లదే తెచ్చేది, ఎర్రది పచ్చడికి. నాకు రంగు బాగుంటుందని ఎర్రది తెచ్చాను, అదొకటి.

రెండోది నీళ్లు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే వాటినే కఠిన జలం అంటారు, మన భాషలో సబ్బు నురగ రాని నీళ్లు. ఈ కాల్షియం నేరుగా పెక్టిన్ పోగుల మధ్యకి దూరి, రెండు పోగుల్ని కలిపి కుట్టేసినట్టు పట్టేస్తుంది. కరగాల్సిన జిగురు ఇంకా గట్టిపడుతుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 600 వరకూ సర్దుకోవచ్చు. బోరు ఆ రెండో అంకె దగ్గర్లో ఉంటే పప్పు దగ్గర కచ్చితంగా తెలుస్తుంది. పరీక్షలేమీ అక్కర్లేదు, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుందా, గీజర్ రాడ్‌కి సున్నంలా పేరుకుంటుందా, స్నానంలో సబ్బు విరిగినట్టవుతుందా చూడండి, చాలు. చాలామంది టీడీఎస్ మీటర్ ముంచి అంకె చెబుతారు కానీ అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది, అందులో కాల్షియం ఎంతో విడిగా చెప్పదు. ఉప్పు నీళ్లలో ముంచినా అంకె లేస్తుంది.

మా అమ్మ వాళ్లింట్లో మున్సిపాలిటీ కుళాయి, కృష్ణ నీళ్లు. మాది గుంటూరులో మూడో అంతస్తు, వంటింటి కుళాయిలో వచ్చేది బోరు, క్యాన్ నీళ్లు తాగడానికి మాత్రమే. క్యాన్ నీళ్లతో పప్పు వండటమేంటి దండగ అని నేనే అనుకునేదాన్ని. నిజానికి ఒక కప్పు పప్పుకి మూడు కప్పుల నీళ్లు, అంటే ముప్పావు లీటరు కూడా కాదు. కడగడానికి బోరు నీళ్లు వాడి, నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ మాత్రం క్యాన్ నీళ్లు పోస్తే సరిపోతుంది. క్యాన్ లేకపోతే బోరు నీళ్లనే ముందు పది నిమిషాలు మరగకాచి, చల్లార్చి, అడుగున తెల్లగా దిగినది కదలకుండా పైనుంచి వంచుకోండి. మరిగితే కాల్షియంలో కొంత భాగం సున్నంలా విడిపోయి కిందికి దిగుతుంది. అంతా పోదు, కొన్ని బోర్ల నీళ్లకి దీనివల్ల పెద్ద లాభమూ ఉండదు. ఆ తెల్ల పొర బాగా కట్టే నీళ్లయితే మాత్రం తేడా కనపడుతుంది.

మూడోది పప్పు వయసు, మా అత్తయ్య పట్టుకున్నది ఇదే. కంది పంట చలికాలంలో చేతికొస్తుంది, సంక్రాంతి దాటాక కొత్త పప్పు కొట్లలోకి దిగుతుంది, చాలా ఇళ్లలో ఎండాకాలంలోనే ఏడాదికి సరిపడా కొని డబ్బాలకెత్తుతారు. ఆ డబ్బా తర్వాత మన మే నెల ఎండల్ని, ఆ వెనకే వానాకాలపు చెమ్మనీ భరించాలి. వేడీ చెమ్మా కలిస్తే పప్పు లోపల ఒక మార్పు జరుగుతుంది. పప్పుల్లో సహజంగా ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది, అది కాల్షియం, మెగ్నీషియంలను తన దగ్గర పట్టుకుని ఉంచుతుంది. వేడికీ తేమకీ నెలల తరబడి అది విరిగిపోతూ, పట్టుకున్న కాల్షియాన్ని వదిలేస్తుంది, ఆ వదిలిన కాల్షియం పోయి జిగురుని పట్టుకుంటుంది. అంటే పాత పప్పు బోరు నీళ్లని లోపలే పెట్టుకుని వచ్చినట్టు! ఇంత అయ్యాక ఎంత నానబెట్టినా పూర్తిగా కొత్త పప్పులా కాదు, కొంత మేలవుతుంది అంతే. పైకి చూస్తే కనిపెట్టడం కష్టం, రంగు కాస్త మాసినట్టుంటుందంటారు కానీ పాలిష్ పట్టిన పప్పుకి ఆ గుర్తు నమ్మలేం. నేను చేసేది ఒక్కటే, కొత్త ప్యాకెట్ తెచ్చినప్పుడు రెండు చెంచాలు క్యాన్ నీళ్లతో విడిగా ఉడికించి చూస్తాను. అక్కడే పలుకు మిగిలితే తప్పు పప్పుదే. ఏడాది సరుకు కొనడం మానేసి నెలకి సరిపడానే కొంటున్నాను, ఎక్కువ వచ్చిపడితే గట్టి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెడుతున్నాను. పురుగు కూడా పట్టదు.

వదిన చెప్పిన ఉప్పు మాటకొస్తే, అది మాత్రం నేను ఒప్పుకోను. ఉప్పులో ఉన్నది సోడియం, అది జిగురుని కుట్టదు, పైగా కాల్షియం ఉన్న చోటుని కొంత లాక్కుంటుంది. రాజ్మా, శనగల్లాంటి తోలు ఉన్న గింజల్ని కాస్త ఉప్పు వేసిన నీళ్లలో నానబెడితే తోలు మెత్తగా ఉడకడానికి కారణం అదే. మన కందిపప్పుకి తోలే లేదు కాబట్టి ముందేసినా వెనకేసినా పెద్దగా తేడా రాదు, నేను మాత్రం రుచి చూసుకోవచ్చని చివర్లోనే వేస్తాను. ఈ మాట వదినతో అంటే నవ్వి ఊరుకుంది, ఇప్పటికీ ముందు వేయదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి రండి. అమ్మకి కుదిరింది నాకెందుకు కుదరలేదు? ఈ మూడింట్లో ఏదో ఒక్కటి అడ్డొస్తే కుక్కర్ ఎలాగో నెట్టుకొస్తుంది. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, ఆ వేడికి జిగురు మామూలు గిన్నెలో కంటే చాలా వేగంగా తెగుతుంది, కాబట్టి కాస్త పులుపున్నా లొంగుతుంది. అమ్మ దగ్గర తెల్ల గోంగూర పులుపు ఒక్కటే అడ్డు, నీళ్లు మంచివి, పప్పు నెలనెలా కొట్టు నుంచి వచ్చేది. నాకు ఎర్ర గోంగూర, బోరు నీళ్లు, ఎండాకాలం డబ్బా మూడూ ఒకేసారి తగిలాయి. ఒక నెల పోయాక కొత్త పప్పుతో అవే నాలుగు గిన్నెలు మళ్లీ పెట్టాను. మూడో గిన్నె ఈసారి హాయిగా మెదిగింది, నాలుగోది రవ్వగా ఉన్నా తినేటట్టుగానే ఉంది. మీ పక్కింటావిడ అన్నీ కలిపి వేసి మూడు విజిల్స్‌కే దించేస్తుంటే ఆవిడ అబద్ధం చెప్పట్లేదు, ఆవిడ నీళ్లు వేరు, పప్పు వేరు.

అమ్మ చేసే ఇంకో పని కూడా నాకిప్పుడే అర్థమైంది. ఆకుని పప్పులో కలిపేది కాదు. అడుగున పప్పు, నీళ్లు, పైన ఆకు పరిచి మూత పెట్టేది, గరిటె పెట్టి తిప్పితే తిట్టేది. అడుక్కి పులుపు దిగేలోపు పప్పు ఉడకడానికి కాస్త టైమ్ దొరికేది కాబోలు. ఎందుకమ్మా అంటే అలాగే చేయాలి అనేది తప్ప ఆవిడకీ కారణం తెలియదు.

విజిల్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. విజిల్ అంటే లోపల ఒత్తిడి ఎక్కువై వెయిట్ లేచి ఆవిరి వదలడం, అంతే, అది గడియారం కాదు. పెద్ద మంట మీద మూడు విజిల్స్ నాలుగైదు నిమిషాల్లో అయిపోతాయి, సన్న మంట మీద అవే మూడింటికి పావుగంట పట్టొచ్చు, అసలు రాకపోనూ వచ్చు. నేను తొమ్మిది విజిల్స్ పెట్టానని గొప్పగా చెప్పుకున్నా అదంతా పెద్ద మంట మీద, మొత్తం చూస్తే పది పన్నెండు నిమిషాలే. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి, అక్కడి నుంచి నిమిషాలు లెక్కపెట్టుకోవడం నయం. నానిన కందిపప్పుకి నేరుగా కుక్కర్‌లో పది నిమిషాలు, గిన్నెలో పెడితే పన్నెండు నుంచి పదిహేను. తర్వాత వెయిట్ ఎత్తి ఆవిరి తీయకుండా దానంతట అదే దిగనివ్వండి, ఆ పది నిమిషాలూ పప్పు లోపల ఉడుకుతూనే ఉంటుంది. పప్పు పొంగుతుంది కాబట్టి కుక్కర్ సగానికి మించి నింపొద్దు, ఒక చుక్క నూనె వేస్తే నురగ కాస్త అణుగుతుంది.

ఇక నేనిప్పుడు గోంగూర పప్పు ఎలా చేస్తున్నానంటే, కప్పు కందిపప్పు కడిగి మూడు కప్పుల క్యాన్ నీళ్లలో ముప్పావుగంట నానబెడతాను. ఆ నీళ్లతోనే, పావు చెంచా పసుపు, చుక్క నూనె వేసి పైన చెప్పినట్టు ఉడికిస్తాను. ఈలోపు పక్క పొయ్యి మీద బాణలిలో రెండు చెంచాల నూనె వేసి ఆరేడు పచ్చిమిర్చి, ఒక ఉల్లిపాయ ముక్కలు మగ్గాక, వలిచి కడిగిన గోంగూర అదిమి కొలిస్తే రెండు కప్పులు వేస్తాను. అయిదు నిమిషాల్లో ఆకు దగ్గరపడి పచ్చరంగు ఖాకీలోకి మారుతుంది. పప్పు మూత తీయగానే ముందు ఒక బద్ద వేళ్ల మధ్య నలిపి చూస్తాను, తెల్ల చుక్క లేదనుకున్నాకే మెదిపి, అప్పుడు ఆకు కలిపి, ఉప్పు వేసి, సన్న మంట మీద అయిదు నిమిషాలు ఉడకనిస్తాను. ఒకసారి విడిపోయిన జిగురు పులుపు పడితే మళ్లీ అతుక్కోదు కాబట్టి ఇక్కడ భయం లేదు. తాలింపు మీ ఇష్టం, వెల్లుల్లి మాత్రం నాలుగు రెబ్బలు దంచి వేయండి, గోంగూరకి అది లేకపోతే ఏదో వెలితి.

అన్నీ కలిపి వేసేసి, మూత తీశాక పలుకులు కనిపిస్తే? విజిల్స్ మీద విజిల్స్ పెట్టకండి, ఆ పులుపు నీళ్లలో ఉన్నంతసేపూ అది మొండికేస్తూనే ఉంటుంది. రెండు చిటికెల తినే సోడా వేయండి. పులుపుతో కలిసి బుస్సుమని పొంగుతుంది, ఆ పొంగు పూర్తిగా అణిగాకే మూత పెట్టాలి, లేకపోతే నురగ వెళ్లి వెయిట్ రంధ్రంలో అడ్డుపడుతుంది. సోడా పులుపుని విరిచేస్తుంది, పైగా జిగురు తెగడానికి అదే సాయం చేస్తుంది, పది నిమిషాల్లో పప్పు లొంగుతుంది. దీనికి మూల్యం ఉంది, గోంగూర రుచి చప్పబడుతుంది, బి1 విటమిన్ కొంత పోతుంది, సోడా కాస్త ఎక్కువైతే సబ్బు వాసన వస్తుంది. పోయిన పులుపుకి చివర్లో కాస్త చింతపండు పిండుకోవాలి. చుట్టాలు హాల్లో కూర్చుని ఉన్న రోజు పనికొస్తుంది, రోజువారీ వంటకి మాత్రం నేను వాడను.

ఇదే పులుపుని మనకి అనుకూలంగా వాడుకునే వంటా ఉంది. బెండకాయ పులుసులో ముక్క చితకకుండా నిలబడాలి కదా, అక్కడ చింతపండు పులుసు ముందే పోసి అందులో ముక్కలు ఉడికిస్తే కాస్త ఎక్కువసేపు మరిగినా ముక్క ముక్కలాగే ఉంటుంది. చిలగడదుంప, కంద లాంటి గట్టి దుంపలకి ఇది తిరగబడుతుంది, అవి ముందు మామూలు నీళ్లలో మెత్తబడ్డాకే పులుసు పోయాలి. మా వదిన పోయిన వారం ఫోన్ చేసి పులుసులో కంద ఎంతకీ ఉడకడం లేదంటే చింతపండు ఎప్పుడు పోశావు వదినా అని అడిగాను. పోపులోనేనంది, ఉప్పు మాత్రం వేయలేదంది.